శనగపిండి లడ్డు: రంగు వచ్చింది, పచ్చివాసన మాత్రం పోలేదు

పల్లవి_ఆర్

అందరికీ నమస్కారం. అరకిలో శనగపిండి, పావుకిలో నెయ్యితో లడ్డు చేశాను. రెండూ కలిపి బాణలిలో వేసి, మంట మీడియంలో పెట్టి వేయించాను. పది పన్నెండు నిమిషాలకే బంగారు రంగు వచ్చేసింది, వాసన కూడా వస్తున్నట్టే అనిపించింది. దించి, చల్లారాక పంచదార పొడి కలిపి ఉండలు కట్టాను. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. నోట్లో వేసుకుంటే మాత్రం అంగిలికి అతుక్కుపోతున్నాయి, మింగాక పచ్చి శనగపిండి రుచి తెలుస్తోంది. అది చాలదన్నట్టు అక్కడక్కడా నల్లటి చుక్కలు, అవి పంటి కింద పడితే చేదు.

ఒకే బాణలిలో పిండి పచ్చిగానూ ఉండి, మాడిపోయి కూడా ఉండటమేమిటో నాకు అర్థం కావడం లేదు. ఇంకో సంగతి. వేయించేటప్పుడు మధ్యలో పిండి బాగా బిగుసుకుపోయి గరిటె తిరగకపోతే, నెయ్యి చాలలేదేమోనని మరో రెండు గరిటెలు వేశాను. ఇప్పుడు ఉండలు ప్లేట్లో నెమ్మదిగా కిందికి జారి చదునైపోతున్నాయి. రంగు చూసి దించకూడదా? మరి దేన్ని చూసి దించాలి?

రవికిరణ్_టెక్

రంగే అసలైన గుర్తు అండీ, అందులో సందేహం లేదు. వేయించడమంటే మెయిలార్డ్ చర్య. పిండిలోని ప్రొటీన్, చక్కెరలు వేడికి కలిసి ఆ రంగునీ, ఆ వాసననీ పుట్టిస్తాయి. అది 140 డిగ్రీలు దాటాక గానీ ఊపందుకోదు. మీ పిండికి వేడి సరిపోలేదు, అందుకే పచ్చిగా మిగిలింది. ఈసారి హైలో పెట్టి, చెయ్యి ఆపకుండా చకచకా కలపండి. పది నిమిషాల్లో పనైపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే దాంతో చూసుకుంటూ చేస్తే ఇంకా టెన్షన్ ఉండదు.

మణి_పిన్ని

నాదీ ఇదే బాధ తల్లీ. రవ్వ ఎర్రగా వేయిస్తాను, అయినా కేసరిలో పలుకు పలుకుగా తగులుతుంది, ఉండలు కూడా కడుతుంది. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నేను నెయ్యి లేకుండా ఉత్తినే వేయించి, తర్వాత నీళ్ళు, పంచదార కలిపి పోస్తాను. ఎవరైనా చెబితే నేనూ తెలుసుకుంటాను.

శ్రీవల్లి_కిచెన్

పిన్నిగారూ, పల్లవి అడిగింది శనగపిండి గురించి. రవ్వ సంగతి వేరే. కానీ అడిగారు కాబట్టి ఎవరో ఒకరు చెబుతారులెండి.

పల్లవీ, నెయ్యితో మొదలుపెట్టడమే నీ ఇబ్బందికి కారణమనిపిస్తోంది. నేను ముందు పిండిని నెయ్యి లేకుండా పది నిమిషాలు వేయించి, పచ్చివాసన పోయాకే నెయ్యి పోస్తాను. నెయ్యి వాసన ముందే కలిసిపోతే పిండి వాసన మనకు తెలియదు. ఏది వేగిందో ఏది వేగలేదో ముక్కు కనిపెట్టలేదు.

బాణలి_బాబాయ్

పల్లవి గారూ, పచ్చిగా ఉండటం, మాడటం రెండూ మీరు అనుకుంటున్నట్టు ఎదురెదురు విషయాలు కావు. రెండింటికీ కారణం ఒకటే. నేను పెళ్ళి వంటల్లో తీపి పదార్థాలు చేసేవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

శనగపిండి, నెయ్యి కలిపిన కొత్తలో గట్టి ముద్దలా ఉంటుంది. ఆ ముద్ద వేడిని లోపలికి సరిగా పోనివ్వదు. మంట మీడియంలో ఉంటే బాణలి అడుగుకు ఆనుకున్న పలచటి పొర గబగబా ఎర్రబడుతుంది, దాని పైనున్న ముద్ద ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. మీరు గరిటె తిప్పినప్పుడు అడుగు పొర లేచి, పచ్చి పిండిలో కలుస్తుంది. ఇలా పదిసార్లు జరిగేసరికి మొత్తం మీద బంగారు రంగు కనిపిస్తుంది. కానీ అది వేగిన పిండి రంగు కాదు. మాడబోతున్న పిండి, పచ్చి పిండి కలిసిన రంగు. మీ నల్లచుక్కలు అడుగు పొర తాలూకు ముక్కలు.

నమ్మకం కలగకపోతే ఒక ఉండ పగలగొట్టి, చిటికెడు తీసి తెల్ల పింగాణీ ప్లేటు మీద బొటనవేలితో పలచగా రుద్దండి. సరిగా వేగిన పిండి అంతటా ఒకే రంగులో సాగుతుంది. మీ దాంట్లో లేత పసుపు మధ్యలో గోధుమరంగు నలుసులు విడివిడిగా కనిపిస్తాయి. వేయించేటప్పుడు కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. గరిటె చివర నుంచి కొంచెం తీసి, చల్లారనిచ్చి రుద్ది చూడండి.

రవికిరణ్ గారు చెప్పిన 140 డిగ్రీల మాట తప్పు కాదు. కానీ ఆ వేడి పిండి అంతటికీ అందాలి కదా. హైలో పెడితే అడుగుకు అందుతుంది, మధ్యలోకి అందదు. పచ్చివాసన పోవడానికి వేడి ఎంత కావాలో, టైమూ అంతే కావాలి.

పల్లవి_ఆర్

ఇప్పుడే రుద్ది చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. పసుపు మధ్యలో ఎర్ర నలుసులు. అసలు రంగు అని నేను మురిసిపోయింది ఇదన్నమాట.

మరి నెయ్యి సంగతి? గరిటె తిరగకపోతే ఏం చేయాలి?

బాణలి_బాబాయ్

అసలు కథంతా అక్కడే ఉంది. అరకిలో పిండికి పావుకిలో నెయ్యి సరిపోతుంది, మీ కొలత సరైనదే. బిగుసుకుపోయింది చూశారూ, అది నెయ్యి చాలక కాదు. పిండిలో సహజంగా కొంత తేమ ఉంటుంది. ఆ తేమ ఉన్నంతసేపు పిండి నెయ్యిని పట్టుకుని వదలదు. సన్నసెగ మీద తేమ ఆవిరైపోయేకొద్దీ ముద్ద తనంతట తానే వదులవుతుంది. పట్టుకున్న నెయ్యిని బయటికి వదులుతుంది. అప్పటిదాకా ఆగలేక అందరూ నెయ్యి పోస్తారు. తర్వాత ఆ నెయ్యీ ఈ నెయ్యీ కలిసి పిండి జారిపోతుంది, ఉండ నిలబడదు.

అరకిలో పిండిని నేను ఎలా వేయిస్తానో చెబుతాను. పిండిని ముందు జల్లించాలి. జల్లించకపోతే చిన్న చిన్న గడ్డలు ఉండిపోయి, వాటి లోపల పచ్చిగా మిగులుతుంది. దళసరి అడుగు ఉన్న వెడల్పాటి బాణలి పెట్టి, నెయ్యి కరిగాక పిండి వేసి, మంట సిమ్‌లో పెట్టండి. మొదటి ఎనిమిది పది నిమిషాలు విసుగ్గా ఉంటుంది. పిండి ముద్దలు ముద్దలుగా విడిపోతూ, గరిటెకు బరువుగా తగులుతుంది. ఈ దశలో మీ పని కలపడం మాత్రమే కాదు, గరిటె వీపుతో గడ్డల్ని బాణలి అంచుకు నొక్కి చిదపడం. అడుగు గీకుతూ, అంచుల్లోంచి మధ్యలోకి లాగుతూ ఉండాలి. మూల ఎక్కడా వదలకూడదు. వాసన ఇంకా పచ్చి పప్పు వాసనే.

పదిహేను నిమిషాల దగ్గర్లో గరిటె తేలికవుతుంది. ఈ మార్పు కంటికన్నా ముందు చేతికే తెలుస్తుంది. ముద్ద మెత్తబడి, నిగనిగలాడుతుంది. ఆ తర్వాత ఇంకొంచెం సేపటికి గరిటెతో ఎత్తి వదిలితే దోసెల పిండిలా జారుతుంది, అంచుల్లో సన్నటి నురుగు కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలైన వేగుడు. అక్కడి నుంచి మరో పది పన్నెండు నిమిషాలు. మొత్తం ముప్పై నుంచి ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. మీ స్టౌ, మీ బాణలిని బట్టి అటూ ఇటూ అవుతుంది, గడియారం చూసి మాత్రం దించకండి.

హాస్టల్_వంటోడు

ముప్పై అయిదు నిమిషాలా బాబాయ్! రెక్కలు పడిపోవూ?

నా దగ్గర ఇండక్షన్ స్టౌ, పలచటి స్టీలు గిన్నె మాత్రమే ఉన్నాయి. తక్కువలో పెట్టినా కాసేపు ఆగి ఒక్కసారిగా బుస్సుమంటుంది. మైక్రోవేవ్‌లో చేసేస్తే ఎలా ఉంటుంది?

శ్రీవల్లి_కిచెన్

మైక్రోవేవ్‌లో అవుతుంది, కానీ ఒక్కో నిమిషానికి బయటికి తీసి అడుగు నుంచి బాగా కలపాలి. ఒకేసారి నాలుగైదు నిమిషాలు పెడితే మధ్యలో మాడి, అంచులు పచ్చిగా ఉంటాయి. ఒక్కోసారి దానికి ఎదురుగానూ అవుతుంది. ఏ ఓవెన్ ఎలా వేడెక్కిస్తుందో దానిదే. గాజు గిన్నెలో పెట్టు, చేతిగుడ్డ మర్చిపోకు, గిన్నె బాగా కాలుతుంది.

ఇండక్షన్ గురించి, నువ్వు చెప్పింది నిజమే. చాలా ఇండక్షన్లు తక్కువలో నిలకడగా ఉండవు, కాసేపు వెలిగి కాసేపు ఆరుతుంటాయి. పలచటి గిన్నె ఆ వెలిగిన నాలుగు సెకన్లలోనే అడుగు మాడ్చేస్తుంది. ఇనుప పెనం ఉంటే ముందు అది పెట్టి, దాని మీద గిన్నె పెట్టు. పెనం వేడిని దాచుకుని నెమ్మదిగా ఇస్తుంది. టైము ఎక్కువ పడుతుంది, కానీ మాడదు.

రవికిరణ్_టెక్

బాబాయ్ గారూ, ఒప్పుకుంటున్నాను, మొదట్లో హై వద్దు. కానీ మీ మాటల ప్రకారమే పిండి జారుగా అయ్యాక అది తనంతట తాను కలిసిపోతుంది కదా. అప్పుడు మంట మీడియంకు పెంచితే అయిదు నిమిషాలు ఆదా అవుతాయి. అప్పుడు కూడా సిమ్‌లోనే ఉండాలని ఎందుకు?

బాణలి_బాబాయ్

మంచి పాయింటే. జారుగా అయ్యాక కొద్దిగా పెంచొచ్చు, నేను కూడా పెద్ద వంటల్లో పెంచేవాణ్ణి. కానీ ఆ దశలో రంగు మారడం కూడా వేగంగానే జరుగుతుంది. లేత పసుపు నుంచి బంగారు రంగుకు రావడానికి పది నిమిషాలు పడితే, అక్కడి నుంచి ఇటుక రంగుకు పోవడానికి రెండు నిమిషాలు చాలు. చెయ్యి అలవాటైనవాళ్ళు పెంచుకోవచ్చు. కొత్తవాళ్ళకు చెప్పను.

శ్రీవల్లి_కిచెన్

నేనైతే ఎప్పుడూ పెంచను. ఫోన్ మోగితే చాలు, అంతా అయిపోతుంది.

రవికిరణ్_టెక్

ఫోన్ పక్కన పడేస్తే సరి. నేను పెంచే చేస్తాను, థర్మామీటర్ ఉందిగా.

బాణలి_బాబాయ్

థర్మామీటర్ గురించి ఒక్క మాట. ఇన్‌ఫ్రారెడ్ పరికరం పైపై వేడినే చూస్తుంది. మాడేది అడుగున. పైగా మెరిసే స్టీలు అడుగు మీదకు గురిపెడితే అది చూపించే అంకె అసలు వేడికన్నా తక్కువగా ఉంటుంది. బాగా కలిపిన వెంటనే పిండి మీదకు గురిపెట్టి చూసుకుంటే కొంతవరకు పనికొస్తుంది.

ఇక ఎప్పుడు దించాలన్నది. వాసన మూడు రకాలుగా మారుతుంది. మొదట పచ్చి పప్పు వాసన. మధ్యలో ఏ వాసనా పెద్దగా లేనట్టు, నెయ్యి వాసన ఒక్కటే తెలిసే దశ ఒకటుంటుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, పచ్చివాసన పోయింది కాబట్టి అయిపోయిందనుకుంటారు. పల్లవి గారు దించింది బహుశా ఈ దశకన్నా కూడా ముందే. ఆ తర్వాతే వేయించిన శనగల్ని తలపించే కమ్మటి వాసన మొదలవుతుంది. అది బాణలి మీదకు వంగితే తెలిసేది కాదు, పక్క గదిలో ఉన్నవాళ్ళు వచ్చి ఏం చేస్తున్నావని అడిగేది. కలిపే మనిషి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కాబట్టి, ఒక నిమిషం బయటి గాలికి వెళ్ళి వచ్చి చూస్తే తేడా కచ్చితంగా తెలుస్తుంది. ఆ నిమిషం మంట ఆపి వెళ్ళండి లేదా ఇంకొకరి చేతికి గరిటె ఇచ్చి వెళ్ళండి.

రెండో పరీక్ష నాలుక. చిటికెడు తీసి పూర్తిగా చల్లార్చి నోట్లో వేసుకోండి. అంగిలికి అతుక్కుంటే ఇంకా వేగాలి. ఇసుమంత కూడా చేదు ఉండకూడదు. వేడి మీద రుచి చూస్తే నాలుక కాలడం తప్ప ఏమీ తెలియదు.

రంగు నా లెక్కలో ఆఖరున. నెయ్యి తగలగానే పిండి ముదురు రంగులో కనిపిస్తుంది, అది వేగడం వల్ల కాదు. పసుపు బల్బు వెలుగులో ఇంకో రంగు, పగటి వెలుగులో ఇంకో రంగు. పోలిక కోసం వేయించని పిండి ఒక చెంచాడు, కరిగిన నెయ్యితో కలిపి చిన్న గిన్నెలో పక్కన ఉంచుకోండి. దానితో పోలిస్తే స్పష్టంగా రెండు మూడు ఛాయలు ముదరాలి. ఈ చిన్న ఏర్పాటు ఉంటే రంగు కూడా నమ్మదగ్గ గుర్తే అవుతుంది.

శ్రీవల్లి_కిచెన్

పోలికకు పక్కన ఉంచుకోవడం బాగుంది, నేను ఎప్పుడూ చేయలేదు.

కానీ ముందు పొడిగా వేయించే పద్ధతి గురించి మీరేమీ అనలేదు. నేను అలాగే చేస్తాను, నా లడ్డు ఎవరికీ అంగిలికి అతుక్కోలేదు.

బాణలి_బాబాయ్

చేసుకోవచ్చండీ, తప్పేమీ లేదు. పొడిగా వేయిస్తే తేమ తొందరగా పోతుంది, ఆ బిగుసుకునే దశ సగం తప్పుతుంది. ఇబ్బందల్లా, నెయ్యి లేని పిండికి వేడిని అటూ ఇటూ పంచే దిక్కు ఉండదు. మెత్తటి పిండి అయితే ఒక్క నిమిషం చెయ్యి ఆగినా అడుగు పట్టేస్తుంది, అది గీకితే మళ్ళీ నలుసులు. బరక పిండికి మీ పద్ధతి బాగా నప్పుతుంది. మీది ఏ పిండి?

శ్రీవల్లి_కిచెన్

మర పట్టించుకున్న బరక పిండే. ఓహో, అందుకేనా. అయినా నేను మార్చను, ఆ పొడి పిండి వాసన నాకు ఇష్టం.

మణి_పిన్ని

నా రవ్వ సంగతి ఎవరూ చెప్పలేదు నాయనా.

బాణలి_బాబాయ్

క్షమించండి పిన్నిగారూ. మీకు రెండు చిక్కులున్నాయి. ఉండలు కట్టడం ఒకటి, పలుకు తగలడం ఇంకోటి.

ఉండలు కట్టేది రవ్వకు నెయ్యి పట్టకపోవడం వల్ల. బొంబాయి రవ్వ ఒక గ్లాసుకు కనీసం మూడు నాలుగు చెంచాల నెయ్యి వేసి, మంట సిమ్‌కి కాస్త పైన ఉంచి వేయించండి. ప్రతి గింజకూ నెయ్యి పూత పడితే, నీళ్ళు పోసినప్పుడు గింజలు ఒకదానికొకటి అంటుకోవు. రవ్వ శనగపిండిలా అరగంట అడగదు. ఏడెనిమిది నిమిషాలు చాలు. వేగుతున్నప్పుడు చెవి పెట్టి వినండి. మొదట గరిటె కింద మెత్తగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. వేగాక గరగరమని పొడిగా చప్పుడవుతుంది, గరిటెలోంచి ధారగా జారిపోతుంది. పచ్చిపిండి వాసన పోయి కమ్మగా వస్తుంది. కేసరికి రంగు పెద్దగా మారనక్కర్లేదు, తెలుపు పోయి మీగడ రంగు వస్తే చాలు. ఎర్రటి హల్వా ఇష్టమైతే ఇంకా వేయించుకోవచ్చు, కానీ ఎర్రగా వేగిన రవ్వ నీళ్ళు నెమ్మదిగా పీలుస్తుంది, దానికి నీళ్ళూ కొంచెం ఎక్కువే కావాలి.

పలుకు తగలడానికి కారణం మీ పంచదార. నీళ్ళూ పంచదారా కలిపి పోస్తున్నానన్నారు కదా. పంచదార నీళ్ళను తనవైపు లాక్కుంటుంది, రవ్వకు ఉబ్బడానికి సరిపడా మిగలవు. ఒక గ్లాసు రవ్వకు రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు బాగా మరిగించి, ఆ మరిగే నీళ్ళు పోయండి. రవ్వ పూర్తిగా ఉడికి, వేలితో నలిపితే గట్టి గింజ తగలకుండా అయ్యాకే పంచదార వేయండి. పంచదార వేశాక ఇక రవ్వ ఉడకదు అనుకోండి. నీళ్ళు పోసేటప్పుడు చిమ్ముతుంది, మంట బాగా తగ్గించి, చెయ్యి దూరంగా పెట్టి పోయండి.

మణి_పిన్ని

అలాగే చేస్తాను. పంచదార ముందు వేస్తేనే రుచి లోపలికి పడుతుందని మా అత్తగారు అనేవారు. ఆవిడకు పలుకులుగా ఉంటేనే ఇష్టమేమో మరి.

హాస్టల్_వంటోడు

ఇక్కడ అందరూ దించడం దగ్గర ఆగిపోయారు. నేను దించాక బాణలిలోనే వదిలేసి స్నానానికి వెళ్ళాను, వచ్చేసరికి ఇంకా ఎర్రగా అయిపోయింది. మంట ఆపేశాక కూడా వేగుతుందా?

శ్రీవల్లి_కిచెన్

వేగుతుంది మరి. నీది పలచటి గిన్నే అయినా కింద పెనం పెట్టి ఉంటావు కదా, ఆ వేడి అంత తొందరగా పోదు. దళసరి బాణలి అయితే ఇంకా ఎక్కువ. రంగు ఒక ఛాయ తక్కువ ఉండగానే ఆపేసి, వెంటనే వేరే వెడల్పు పళ్ళెంలోకి తీసేయాలి. బాణలిలోనే ఉంచాల్సి వస్తే మంట ఆపాక అయిదారు నిమిషాలు కలుపుతూనే ఉండాలి. ఒకవేళ అడుగు మాడిన అనుమానం ఉంటే గీకకుండా పైదే తీసెయ్. మాడిన చేదు పంచదారతో పోదు, యాలకులతో అసలే పోదు.

పల్లవి_ఆర్

ఈసారి తక్కువగా, పావుకిలో పిండి, 125 గ్రాముల నెయ్యితో మళ్ళీ పెట్టాను. మొత్తం సిమ్‌లోనే. ఎనిమిదో నిమిషంలో సరిగ్గా మొన్నటిలాగే బిగుసుకుపోయింది. నెయ్యి డబ్బా వైపు చెయ్యి వెళ్ళింది కూడా. ఆపుకుని గడ్డలు చిదుపుతూ కూర్చున్నాను. ఇంకో నాలుగైదు నిమిషాలకు నిజంగానే గరిటె తేలికైంది! నెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందా అన్నట్టు అంచులన్నీ నిగనిగలాడాయి. పిండి తక్కువ కాబట్టి ఇరవై రెండు నిమిషాలకే కమ్మటి వాసన వచ్చింది. మా వారు హాల్లోంచి ఏం వేయిస్తున్నావని అడిగారు, అప్పుడు ఆపాను. పక్కన పెట్టుకున్న పచ్చి పిండి గిన్నెతో పోల్చి చూస్తే రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. మొన్నటి దానికన్నా రంగు తక్కువే, ముదురు గోధుమ కాదు, నిండు పసుపు బంగారం. కానీ రుచిలో పచ్చితనం లేదు, అంగిలికి అతుక్కోవడం కూడా లేదు.

ఒక్కటే లోటు. నోట్లో మరీ మెత్తగా కరిగిపోతోంది, స్వీటు షాపుల్లో ఉండేలా సన్నటి రేణువుల్లా తగలడం లేదు. అది వేయించడంలో లోపమా?

రవికిరణ్_టెక్

దానికి నీళ్ళ చిట్కా ఉంది. దించే ముందు ఒకటి రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తే బుసబుసా పొంగి, పిండి రవ్వరవ్వగా అవుతుంది. వీడియోల్లో చూడండి.

శ్రీవల్లి_కిచెన్

నీళ్ళ వల్ల వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. రేణువులు కావాలంటే బరక పిండి వాడాలి, అంతే. మెత్తటి పిండిని ఏం చేసినా మెత్తగానే ఉంటుంది.

బాణలి_బాబాయ్

ఈ విషయంలో మా వంటవాళ్ళలోనే రెండు మాటలున్నాయి. నేను నీళ్ళు చిలకరిస్తాను. వేడి పిండి మీద చుక్కలు పడిన చోట పిండి చిన్న చిన్న రేణువులుగా గట్టిపడుతుంది, తేడా నాకు తెలుస్తుంది. నాతో పనిచేసిన ఒకాయన మాత్రం అదంతా పొంగు చూసి మనం పడే సంబరమే, బరక పిండి లేకపోతే ఏమీ లేదనేవాడు. రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి వేయించేవాళ్ళూ ఉన్నారు.

చిలకరిస్తే మాత్రం రెండు జాగ్రత్తలు. నెయ్యి మీద నీళ్ళు కాబట్టి ఆవిరి ఎగదన్నుతుంది, ముఖం దూరంగా పెట్టండి. ఆ నురుగు పూర్తిగా అణిగి, చుయ్ చప్పుడు ఆగేదాకా సిమ్‌లో కలపాలి. తేమ మిగిలిపోతే లడ్డు నిలవ ఉండదు.

పల్లవి_ఆర్

సరే, ఈసారి సగం పిండికి చిలకరించి, సగానికి చిలకరించకుండా చేసి చూస్తాను.

పంచదార ఎప్పుడు కలపాలో కూడా చెప్పండి. మొదటిసారి పూర్తిగా చల్లారాక కలిపాను.

బాణలి_బాబాయ్

గోరువెచ్చగా ఉన్నప్పుడు. వేలు పెట్టి హాయిగా ఉంచగలిగేంత వేడి. బాగా వేడి మీద కలిపితే పంచదార కరిగి పిండి పలచబడుతుంది, ఆరాక రాయిలా అవుతుంది. పూర్తిగా చల్లారితే నెయ్యి పేరుకుని ఉండ సరిగా కట్టదు. పావుకిలో పిండికి 200 గ్రాముల పంచదార పొడి సరిపోతుంది, తీపి తక్కువ తినేవాళ్ళు తగ్గించుకోవచ్చు.

పల్లవి_ఆర్

మరి మొన్నటి జారిపోతున్న ఉండలు? మళ్ళీ బాణలిలో వేసి వేయిస్తే పచ్చితనం పోతుందా?

బాణలి_బాబాయ్

వేయించకండి. పంచదార కలిశాక మంట మీద పెడితే ముందు పంచదార పాకమై, మాడుతుంది, పిండి అలాగే ఉంటుంది. పంచదార కలపకముందు అయితే ఎన్నిసార్లైనా మళ్ళీ పొయ్యి మీదకు ఎక్కించొచ్చు. జారడం మటుకు ఆపొచ్చు. ఇంకో వంద గ్రాముల శనగపిండిని ఒక్క చెంచా నెయ్యితో విడిగా బాగా వేయించి, గోరువెచ్చగా అయ్యాక ఆ ఉండల్ని చిదిపి అందులో కలపండి. అదనపు నెయ్యిని ఆ పిండి పీల్చుకుంటుంది, పచ్చి రుచి కూడా కొంత పలచబడుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను. నల్ల నలుసులు ఎక్కువగా ఉంటే శ్రమ పడకండి.

హాస్టల్_వంటోడు

నాకు పంపించెయ్యండి అక్కా, నేను నలుసులతో సహా తినేస్తాను.

మణి_పిన్ని

కేసరి చేశాను. ఉండలు లేవు, పలుకూ లేదు. కానీ నెయ్యి పైకి తేలి, గిన్నె అంచున నిలబడిపోయింది. ఎక్కువ పోశానా, లేక ఇంకాసేపు పొయ్యి మీద ఉంచాలా?

శ్రీవల్లి_కిచెన్

ఎంత నెయ్యి వేశారు పిన్నిగారూ? వేయించేటప్పుడు వేసిందా, చివర్లో వేసిందా?

మణి_పిన్ని

రెండుసార్లూ వేశాను. కొలవలేదు తల్లీ, డబ్బాతోనే వంచాను.